డబ్బు వస్తుందని స్కాన్ చేసిన క్యూఆర్ కోడ్ మన ఖాతానే ఎందుకు ఖాళీ చేస్తుంది

అనంతపురం రామనగర్‌లో ఉండే మా మేనత్త చాలా ఏళ్లు ఇంట్లోనే జాకెట్లు కుట్టింది. చూపు మందగించాక మోటారు బిగించిన కుట్టు మిషన్‌ను అమ్మేద్దామనుకుని, పాత వస్తువులు అమ్మే ఒక వెబ్‌సైట్‌లో 9,500 రూపాయలకు ప్రకటన పెట్టించింది. అరగంట కూడా కాకముందే ఫోన్ మోగింది. తాను సైన్యంలో పనిచేస్తున్నానని, కర్నూలుకు బదిలీ అయిందని, భార్యకు మిషన్ కావాలని అవతలి మనిషి హిందీ కలిసిన తెలుగులో చెప్పాడు. మిషన్ ఏ కంపెనీదని గాని, మోటారు ఎన్నేళ్ల నాటిదని గాని అడగలేదు, ధర మీద ఒక్క రూపాయి కూడా బేరమాడలేదు. మిషన్ తీసుకెళ్లడానికి మనిషిని పంపుతానని, డబ్బు మాత్రం ముందే వేస్తానని, తమ ఖాతా నుంచి డబ్బు రావాలంటే ఆమె ఒక క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేయాలని చెప్పాడు. మన వైపు చాలామంది క్యూఆర్ కోడ్‌నే "స్కానర్" అంటారు కాబట్టి, "స్కానర్ పంపిస్తా మేడమ్, మీరు కొట్టండి చాలు" అన్న మాటలో అత్తకు తేడా ఏమీ కనబడలేదు.

ముందు నమ్మకం కోసమని ఒక్క రూపాయి కోడ్ పంపాడు. అత్త స్కాన్ చేసి పిన్ కొట్టింది. మరుక్షణంలో ఆమె ఖాతాలో రెండు రూపాయలు పడ్డాయి. "చూశారా, వచ్చాయి కదా" అని వెంటనే 9,500 కోడ్ పంపాడు. ఈసారి పిన్ కొట్టగానే ఖాతా నుంచి 9,500 వెళ్లిపోయాయి. అతను కంగారు నటిస్తూ, సర్వర్‌లో ఇరుక్కుందని, 19,000 కోడ్‌ను స్కాన్ చేస్తే రెండూ కలిసి తిరిగొస్తాయని అన్నాడు. ఖాతాలో అంత సొమ్ము లేక ఆ లావాదేవీ విఫలమైంది. "ఎంత ఉంది మేడమ్?" అని అడిగితే ఆమె 13,901 అని అమాయకంగా చెప్పేసింది. నిమిషంలోపే 13,900 కోడ్ వచ్చింది. నేను ఇంట్లో అడుగుపెట్టింది అప్పుడే. అత్త నా చేతిలో ఫోన్ పెట్టి, "ఏంరా అబ్బీ, డబ్బులు వస్తాయని గదా కొట్టింది, పోయినాయేంది?" అంది.

ఆ ప్రశ్నకు జవాబు ఆ నలుపు తెలుపు గడుల లోపలే ఉంది.

కోడ్ లోపల ఏముంటుంది

క్యూఆర్ కోడ్ దానంతట అది డబ్బును పంపలేదు, తీసుకోలేదు. అది కొన్ని అక్షరాలను గడుల రూపంలో దాచిన బొమ్మ మాత్రమే. చెల్లింపుల కోసం చేసే యూపీఐ కోడ్‌ను విప్పి చూస్తే సుమారుగా ఇలాంటి ఒక వరుస కనబడుతుంది. ఇందులోని చిరునామా నేను కల్పించినది.

```
upi://pay?pa=xyz123@bank&pn=Army%20Payment&am=9500.00&cu=INR&tn=Receive%20Money
```

మొదటి మాట `pay`, అంటే చెల్లించు. ఆ తరువాత వచ్చే `pa` డబ్బు ఎవరికి చేరాలో వారి యూపీఐ చిరునామా. `pn` వారి పేరు, `am` మొత్తం, `cu` కరెన్సీ, `tn` లావాదేవీకి తగిలించే చిన్న గమనిక. ఈ వరుసలో డబ్బు ఎవరి ఖాతా నుంచి పోవాలో చెప్పే భాగం ఎక్కడా లేదని గమనించాలి. దాని అవసరం లేదు కాబట్టే అది లేదు. ఎవరి ఫోన్ ఈ కోడ్‌ను చదివితే వారే చెల్లించేవారు, వారి ఖాతా నుంచే డబ్బు పోతుంది. కాబట్టి అవతలివాడు పంపిన కోడ్‌ను అత్త స్కాన్ చేసిన క్షణంలోనే ఆమె కొనేవారి స్థానంలోకి, అతను అమ్మేవాడి స్థానంలోకి మారిపోయారు. మిషన్ మాత్రం ఆమె దగ్గరే ఉంది.

ఇక్కడ రెండు భాగాల గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మోసమంతా వాటి మీదే నడుస్తుంది. మొదటిది `am`. కడప ఏడు రోడ్ల దగ్గర టీ బంకు గోడకు అంటించిన కోడ్‌లో ఈ భాగం ఉండదు, అందుకే మొత్తాన్ని మనమే నొక్కుతాం. మోసగాడు పంపే కోడ్‌లో 9,500 ముందే రాసి ఉంటుంది. స్కాన్ చేయగానే తనకు రావలసిన మొత్తమే పైసా తేడా లేకుండా తెర మీద ప్రత్యక్షం కావడంతో, అది తనకు రాబోయే సొమ్మేనని మనిషి నమ్ముతాడు. తానుగా ఏ అంకెనూ నొక్కలేదు కాబట్టి, తాను పంపుతున్నానన్న అనుమానం కూడా రాదు.

రెండవది `tn`, దానితో పాటు `pn`. ఈ రెండింటిలో కోడ్ తయారు చేసినవాడు తనకు తోచింది రాసుకోవచ్చు. "రిసీవ్ మనీ" అని, "రీఫండ్" అని, ఏదో ప్రభుత్వ పథకం పేరు అని ఏది రాసినా దానిని సరిచూసే వారుండరు. మనం పెండ్లి చదివింపుల కవరు మీద ఏమి రాసినా లోపలి నోటు మారనట్లే, గమనికలో ఏమి ఉన్నా డబ్బు వెళ్లే దిక్కు మారదు. పేరు విషయంలో మాత్రం పరిస్థితి కొంత మెరుగైంది. కోడ్‌లో రాసిన పేరును కాక, చిరునామాను సరిచూసినప్పుడు బ్యాంకు వైపు నుంచి వచ్చిన అసలు పేరునే చూపాలని జాతీయ చెల్లింపుల సంస్థ 2025లో యాప్‌లను ఆదేశించింది. అయితే ఇలాంటి మోసాలకు వాడే ఖాతాలు చాలావరకు కమిషన్‌కు ఆశపడిన వేరొకరి పేరు మీద ఉంటాయి కాబట్టి, అసలు పేరు కనబడినా అది మనతో మాట్లాడుతున్న వాడి పేరు అయి ఉండకపోవచ్చు.

ఆ రెండు రూపాయల సంగతి

అత్తను పడగొట్టింది 9,500 కోడ్ అనుకుంటాం గాని, నా అభిప్రాయంలో ఆమెను పడగొట్టింది ఆ రెండు రూపాయలే. ఆమె ఖాతా వివరాలు తరువాత నేను తీరిగ్గా చూశాను. అందులో ఒక రూపాయి పోయినట్లు ఒక వరుస, రెండు రూపాయలు వచ్చినట్లు మరొక వరుస, రెండూ వేర్వేరు లావాదేవీ సంఖ్యలతో ఉన్నాయి. అంటే స్కాన్ చేసినందుకు డబ్బు రాలేదు. స్కాన్ చేసినందుకు రూపాయి పోయింది. ఆ తరువాత అతను ఆమె ఫోన్ నంబరుకు మామూలుగా రెండు రూపాయలు పంపాడు. రాకపోకలు క్షణాల్లో జరగడం వల్ల రెండూ ఒకటే పనిలా అనిపించాయి.

ఇందులోనే అతని అబద్ధం బయటపడుతుంది. ఆ రెండు రూపాయలు రావడానికి అత్త దేన్నీ స్కాన్ చేయలేదు, పిన్ కొట్టలేదు. ఆమె ఫోన్ నంబరు ఒక్కటే సరిపోయింది. రెండు రూపాయలు పంపగలిగినవాడు అదే దారిలో 9,500 కూడా పంపగలడు. "మా ఖాతా నుంచి రావాలంటే స్కాన్ చేయాలి" అన్న మాటను అతను తన చేతులతోనే కొట్టేశాడు.

ఇంట్లోనే చేసి చూడదగిన పరీక్ష

దీనిని మాటలతో చెబితే పెద్దవారికి ఎక్కడం కష్టం. రెండు ఫోన్లు, ఒక రూపాయి ఉంటే ఐదు నిమిషాల్లో చూపవచ్చు.

మొదట, పెద్దవారి ఫోన్‌లో చెల్లింపుల యాప్ తెరిచి, పైన ఉండే ప్రొఫైల్ బొమ్మను నొక్కి, వారి సొంత క్యూఆర్ కోడ్‌ను తెర మీదకు తీసుకురావాలి. దానిని మీ ఫోన్‌తో స్కాన్ చేసి ఒక రూపాయి పంపండి. ఆ సమయంలో వారి ఫోన్‌ను బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకుని కూర్చోమనండి. పిన్ అడిగింది మీ ఫోన్, డబ్బు పోయింది మీ ఖాతా నుంచి, వారి ఫోన్‌కు సందేశం మాత్రమే వచ్చింది. ఇప్పుడు దానిని తిరగవేసి, మీ కోడ్‌ను వారిచేత స్కాన్ చేయించండి. ఈసారి పిన్ వారినే అడుగుతుంది. పిన్ పేజీ వచ్చాక అక్కడే ఆగి, ఎంత మొత్తం, ఎవరికి అని ఆ పేజీలో ఉన్నదాన్ని వారిచేతనే గట్టిగా చదివించాలి. ఫోన్‌లో మాట్లాడే మనిషి అస్సలు తీరిక ఇవ్వనిది ఈ చదవడానికే. అత్తతో కూడా అతను ఫోన్ పెట్టనివ్వకుండా, ఒక వాక్యం మీద ఒకటి దొర్లిస్తూనే ఉన్నాడట.

కోడ్ వచ్చినప్పుడు చేయవలసినది

ఎవరైనా మీకు డబ్బు ఇవ్వవలసి ఉండి, వాట్సాప్‌లో కోడ్ పంపితే, దానిని స్కాన్ చేయకుండా మీ సొంత కోడ్‌ను గాని, యూపీఐ చిరునామాను గాని, ఖాతాకు ముడిపడిన ఫోన్ నంబరును గాని వారికి పంపండి. నిజంగా కొనేవారికి ఇందులో ఇబ్బంది ఏమీ ఉండదు. "మా సంస్థ నిబంధన", "మా ఖాతా వేరే రకం", "అధికారి పక్కనే ఉన్నారు" అనే కారణాలు మొదలైతే అక్కడితో సంభాషణ ముగించవచ్చు. డబ్బు తీసుకునేవారు స్కాన్ చేయవలసిన యూపీఐ ఖాతా రకం ఏదీ లేదు.

పొరపాటున స్కాన్ చేసినా డబ్బు ఇంకా పోలేదు. స్కాన్ చేయడమంటే చిరునామాను చదవడం మాత్రమే, చెల్లింపు ఆ తరువాత మన ఆమోదంతో జరుగుతుంది. తెర మీద `Pay` అనే మాట గాని, నాలుగు లేదా ఆరు అంకెల పిన్ పేజీ గాని కనబడితే, వెనక్కు నొక్కి బయటకు వస్తే చాలు. నిల్వ చూసుకోవడానికి కూడా పిన్ అడుగుతారన్నది నిజమే, కానీ అది మనంతట మనం నిల్వ చూడాలని నొక్కినప్పుడు. డబ్బు అందుకోవడానికి పిన్ ఎప్పుడూ అక్కర లేదు.

ఈ సూత్రాన్ని తలకిందులుగా గుర్తుపెట్టుకుంటే మాత్రం ప్రమాదమే. పిన్ అడగకపోతే డబ్బు పోవడం లేదని చాలామంది అనుకుంటారు. యూపీఐ లైట్‌ను ప్రారంభించుకున్నవారికి అందులో వేసుకున్న సొమ్ము నుంచి చిన్న మొత్తాలు పిన్ లేకుండానే వెళ్తాయి. ఒక్కో లావాదేవీకి 1,000 రూపాయల వరకు అలా పోవచ్చు. పిన్‌కు బదులు వేలిముద్రతో ఆమోదించే ఏర్పాటు కూడా ఇప్పుడు వచ్చింది. కాబట్టి చూడవలసింది పిన్ ఒక్కటే కాదు, తెర మీద "ఎవరికి" అన్న చోట వేరొకరి పేరు ఉందా అన్నది. అక్కడ మీ పేరు కాక మరొకరి పేరు ఉంటే, పంపేది మీరే.

ఇంకొక రకం కోడ్‌లో `pay` స్థానంలో `mandate` అని ఉంటుంది. అది ఒకసారి ఆమోదిస్తే ముందు ముందు కూడా ఖాతా నుంచి తీసుకోవడానికి అనుమతి ఇచ్చేది. దానిని యాప్‌లోని ఆటోపే విభాగంలో చూసి రద్దు చేయవచ్చు. కోడ్‌ను చదవగానే ఏదైనా వెబ్‌సైట్ తెరుచుకుని యాప్ దించుకోమంటే, అది చెల్లింపు కోడే కాదు, వెంటనే మూసేయాలి.

డబ్బు వచ్చిందని అవతలివారు స్క్రీన్‌షాట్ పంపినా, నమ్మవలసింది మీ బ్యాంకు నిల్వనే. సందేశాల్లో కూడా `credited` అంటే వచ్చింది, `debited` అంటే పోయింది. ఇంగ్లీషు రానివారికి ఈ రెండు మాటల తేడా ఒక్కటి నేర్పినా చాలు. అత్త ఫోన్‌కు రూపాయి పోయిన వెంటనే `debited` సందేశం వచ్చి ఉంది, ఆమె దానిని రసీదు అనుకుంది.

పోయిన తరువాత మొదటి గంట

యూపీఐలో పంపిన డబ్బును పంపినవారు వెనక్కు లాగలేరు. దానిని ఆపగలిగింది అది చేరిన ఖాతా ఉన్న బ్యాంకు ఒక్కటే, అదీ అందులో సొమ్ము మిగిలి ఉన్నంతవరకే. మోసగాళ్లు ఆ సొమ్మును నిమిషాల్లో రెండు మూడు ఖాతాలకు మళ్లించి ఏటీఎంలో తీసేస్తారు. అందుకే పోలీస్ స్టేషన్‌కు బయలుదేరడం కంటే ముందు 1930కు ఫోన్ చేయాలి. ఆ నంబరుకు చెప్పిన వివరాలు సంబంధిత బ్యాంకులకు వెళ్లి, ఏ ఖాతాలో ఎంత మిగిలితే అంతవరకు నిలిపివేస్తారు.

ఫోన్ చేసే ముందు కాగితం మీద రాసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. యాప్‌లో ఆ లావాదేవీని తెరిస్తే యూటీఆర్ అనే పన్నెండు అంకెల సంఖ్య కనబడుతుంది, అన్నిటికంటే ముఖ్యం అదే. దానితో పాటు మొత్తం, సమయం, డబ్బు వెళ్లిన యూపీఐ చిరునామా, మీ బ్యాంకు పేరు, ఖాతా సంఖ్య, అవతలి ఫోన్ నంబరు దగ్గర పెట్టుకోవాలి. అత్త విషయంలో మేము రెండు లావాదేవీలను వేర్వేరుగా చెప్పాం, ఒక రూపాయి పోయినదాన్ని కూడా వదలలేదు. ఆ రూపాయి వెళ్లింది వేరే చిరునామాకు కాబట్టి, దానితో రెండవ ఖాతా కూడా ఫిర్యాదులోకి వచ్చింది. ఫోన్‌లో ఇచ్చిన ఫిర్యాదు సంఖ్యతో అదే రోజు `cybercrime.gov.in` లో వివరాలు నింపి, కోడ్‌ల బొమ్మలను, సంభాషణ స్క్రీన్‌షాట్లను జతచేశాం. అవమానంగా ఉందని అత్త ఆ సంభాషణను చెరిపేయబోయింది. అది చెరిగిపోతే ఆ కోడ్‌లు, చిరునామాలు, నంబరు అన్నీ పోయేవి.

వీటితో పాటు సొంత బ్యాంకుకు కూడా రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, రసీదు తీసుకోవాలి. ఇక్కడ ఎక్కువ ఆశ పెట్టుకోకూడదని ముందే చెప్పడం మంచిది. ఖాతాదారు ప్రమేయం లేకుండా జరిగిన మోసాల్లో నష్టాన్ని పరిమితం చేసే రిజర్వు బ్యాంకు నిబంధనలు 2017 నుంచి ఉన్నాయి గాని, పిన్‌ను స్వయంగా కొట్టిన చెల్లింపును బ్యాంకులు సాధారణంగా ఖాతాదారు ఆమోదించినదిగానే చూస్తాయి. అయినా ఫిర్యాదు నమోదు కావడం అవసరం. బ్యాంకు 30 రోజుల్లో జవాబు ఇవ్వకపోయినా, ఇచ్చిన జవాబు సరిగా లేదనిపించినా, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు `cms.rbi.org.in` ద్వారా వెళ్లే వీలుంటుంది.

మేము ఫోన్ చేసేసరికి డబ్బు పోయి నలభై నిమిషాలు దాటింది. 9,500లో 4,200 ఒక ఖాతాలో నిలిపివేయగలిగారు, అవి చేతికి రావడానికి నెలలు పట్టింది. మిగిలినవి రాలేదు.

ఇంకొక్క జాగ్రత్త చెప్పాలి. అత్త ఫిర్యాదు ఇచ్చిన వారం తరువాత, "మీ డబ్బు రికవరీ అయింది, రీఫండ్ కోసం ఈ కోడ్ స్కాన్ చేయండి" అని మరొక గొంతు ఫోన్ చేసింది. ఒకసారి మోసపోయిన వారి నంబర్లకు ఇలా మళ్లీ ఫోన్లు రావడం మామూలే. పోలీసులు గాని, బ్యాంకు గాని నిలిపిన సొమ్మును నేరుగా ఖాతాలోనే జమ చేయిస్తారు. అందుకు కోడ్ అక్కర లేదు.

కుట్టు మిషన్‌ను చివరికి ధర్మవరం నుంచి వచ్చిన ఒకామె కొనుక్కుంది. పాదం కింద గుడ్డ పెట్టి రెండు వరుసలు కుట్టి చూసి, బెల్టు వదులుగా ఉందని ఐదు వందలు తగ్గించమంది. బేరం తెగాక ఫోన్ తీసి, "అక్కా, నీ స్కానర్ చూపించు" అంది. అత్త తన కోడ్‌ను తెర మీదకు తెచ్చి చూపింది, ఆమె స్కాన్ చేసి పిన్ కొట్టింది. అత్త యాప్‌లో నిల్వ చూసుకుని, 9,000 పెరిగాయని నాతో ఒకసారి సరిచూపించుకున్నాకే ఆటోవాడిని లోపలికి రానిచ్చింది.